రోడ్డు నున్నగా, సందు గతుకులుగా: సైకిల్ టైరు వెడల్పు, గాలి ఎంతో తేల్చుకునే పద్ధతి

తిరుపతిలో సైకిల్ మీద ఆఫీసుకో కాలేజీకో వెళ్లేవాళ్లలో చాలామందికి రోజూ రెండు రకాల దారి తగులుతుంది. ఇంటి దగ్గర సందు: సిమెంటు రోడ్డు వేసి, పైపుల కోసం మళ్లీ తవ్వి, కంకరతో పూడ్చిన కోతలు, కాలవ మీద ఎత్తుగా పరిచిన బండలు, వీధివాళ్లే పోసుకున్న స్పీడ్ బ్రేకర్లు. ఆ సందు దాటి రేణిగుంట రోడ్డో, అలిపిరి వైపు బైపాసో ఎక్కితే తారు నున్నగా సాగిపోతుంది. ఒకే సైకిలు, ఒకే జత టైర్లు రెండింటికీ సరిపోవాలి. చిక్కంతా అక్కడే.

ఈ పని రెండు ప్రశ్నలుగా విడదీస్తే తేలికవుతుంది. టైరు ఎంత వెడల్పు ఉండాలనేది మీ దారిలో అన్నిటికంటే చెడ్డ ముక్కను చూసి తేల్చాలి. గాలి ఎంత ఉండాలనేది మీ బరువును చూసి తేల్చాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. మంచి రోడ్డును చూసి సన్న టైరు కొంటారు, టైరు మీద రాసిన పెద్ద అంకె చూసి గాలి కొట్టిస్తారు. ఆ తర్వాత సందులో ట్యూబులు పోతుంటే ముళ్లను తిట్టుకుంటారు.

గేరు సైకిల్, అంటే హైబ్రిడ్ రకం, అందులోనూ ఇక్కడ ఎక్కువగా కనిపించే 700 సైజు చక్రాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. పద్ధతి మాత్రం ఏ సైజుకైనా ఒకటే.

ముందు టైరు మీద ఉన్నది చదవండి

చక్రాన్ని వెలుతురు వైపు తిప్పి, టైరు పక్కగోడను తడిగుడ్డతో తుడవండి. పోతపోసిన అక్షరాలు నల్ల మీద నలుపే కాబట్టి దుమ్ములో కనపడవు. కనపడకపోతే కొంచెం సుద్దముక్క రుద్దితే ఉబ్బెత్తు అక్షరాలు తెల్లగా తేలతాయి.

ఒక్క టైరు మీదే మూడు రకాల సైజులు రాసి ఉండటం మామూలే. ఉదాహరణకు 37-622 అని ఒకటి, 700×35సి అని ఒకటి, 28×1⅝×1⅜ అని ఇంకొకటి. మూడూ ఆ ఒక్క టైరు పేర్లే. మీరు నమ్మాల్సింది మొదటిదాన్ని, మధ్యలో గీత ఉన్నదాన్ని. దీన్ని ఈటీఆర్‌టీఓ సైజు అంటారు. అందులో 37 అంటే గాలి నింపాక టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 622 అంటే టైరు అంచులోని తీగ రిమ్ము మీద కూర్చునే చోట వ్యాసం, అదీ మిల్లీమీటర్లలోనే. ఈ రెండో అంకె కలిస్తేనే టైరు రిమ్ముకు పడుతుంది. ఒక్క మిల్లీమీటరు తేడాకు కూడా ఇక్కడ చోటు లేదు.

700×35సి అన్నది పాత ఫ్రెంచి లెక్క. 700 అనేది టైరు బయటి వ్యాసం ఉజ్జాయింపుగా, 35 వెడల్పు. చివరి ‘సి’ ఒకప్పుడు వెడల్పు తరగతిని చెప్పేది. ఇప్పుడు దాని అర్థం 622 రిమ్ము అని, అంతే. పైన చూడండి, ఇదే టైరు మీద ఒకచోట 35, ఒకచోట 37 ఉంది. ఇలాంటివి కంపెనీ కంపెనీకీ మారుతుంటాయి. గాలి లెక్క వేసేటప్పుడు గీత ముందున్న అంకె తీసుకోండి. ఇంకా ఖచ్చితంగా కావాలంటే గాలి నింపిన టైరును వెర్నియర్‌తో కొలవండి. రిమ్ము వెడల్పును బట్టి ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉంటుంది.

అంగుళాల లెక్క దగ్గర ఎక్కువమంది దెబ్బతింటారు. షాపులో “ట్వెంటీ సిక్స్ టైరు ఇవ్వన్నా” అంటే ఏదో ఒక ఇరవై ఆరు చేతికొస్తుంది. కానీ 26×1⅜ అని భిన్నంలో రాసింది 590 రిమ్ముకు, లేడీస్ సైకిళ్లలో ఎక్కువగా వచ్చేది. 26×1.75 అని దశాంశంలో రాసింది 559 రిమ్ముకు, మౌంటెన్ బైకులది. పేరులో అంగుళం ఒకటే, వ్యాసంలో తేడా 31 మిల్లీమీటర్లు. అలాగే మన ఇళ్లలో పాతకాలం నుంచీ ఉన్న నల్ల పెద్ద సైకిల్‌కు 28×1½ టైరు. అది 635. గేరు సైకిల్ 700 టైరును కూడా కొందరు ‘ట్వెంటీ ఎయిట్’ అనే పిలుస్తారు, అది 622. ఈ రెండూ ఒకదానికొకటి పట్టవు. చిన్నదాన్ని పెద్ద రిమ్ముకు బలవంతంగా ఎక్కించబోతే అంచు తీగ దెబ్బతింటుంది. పెద్దదాన్ని చిన్న రిమ్ముకు వేస్తే గాలి కొట్టేటప్పుడే టైరు పక్కకు తన్నుకొచ్చి ట్యూబు పేలుతుంది. అందుకే షాపుకు వెళ్లేముందు గీత ఉన్న అంకెను ఫోన్లో ఫోటో తీసుకుని చూపించడం మంచిది.

సైజు పక్కనే గాలి కొలత ఉంటుంది. పి.ఎస్.ఐ. అని గానీ, బార్ అని గానీ, కేపీఏ అని గానీ. 1 బార్ అంటే 14.5 పి.ఎస్.ఐ., 100 కేపీఏ కూడా అంతే. కొన్ని టైర్ల మీద 40-75 అని కనిష్ఠం, గరిష్ఠం రెండూ ఉంటాయి. కొన్నిటి మీద గరిష్ఠం ఒక్కటే. ఈ అంకెలు హద్దులు మాత్రమే. ఇంత కొట్టండని చెప్పే సలహా కాదు. యాభై కిలోల పిల్లకూ తొంభై కిలోల మనిషికీ అదే టైరు అమ్ముతారు కదా, ఇద్దరికీ ఒకే గాలి ఎలా సరిపోతుంది? పక్కనే బాణం గుర్తు ఉంటే టైరు ఆ వైపు తిరిగేలా వేయాలి. అంతకుమించి దాని గురించి ఆలోచించాల్సింది లేదు.

మీ సైకిల్‌లో ఎంత వెడల్పు పడుతుంది

రిమ్ము మీద స్టిక్కర్ గానీ, టైరు విప్పితే లోపల ముద్ర గానీ 622×19సి లాగా ఉంటుంది. ఇందులో 19 అంటే రిమ్ము లోపలి వెడల్పు. 19 మిల్లీమీటర్ల రిమ్ముకు 28 నుంచి యాభై దాటే వరకూ టైర్లు వేసుకోవచ్చు. 17 రిమ్ముకు 25 నుంచి 50 వరకు. అంటే హైబ్రిడ్ సైకిళ్లలో రిమ్ము పెద్దగా అడ్డుకాదు. అడ్డొచ్చేది ఫ్రేము.

దీన్ని కొలవడానికి ఒక సులువైన పద్ధతుంది. మీ ఆలెన్ కీల సెట్లో 6 మిల్లీమీటర్ల కీ తీసుకోండి. ఇప్పుడున్న టైరుకూ ఫ్రేముకూ మధ్య దాన్ని దూర్చి చూడండి. వెనక చక్రం దగ్గర పెడల్స్ వెనకాల ఫ్రేము రెండు కడ్డీలుగా చీలే చోట రెండు పక్కలా, పైన బ్రేకు దగ్గర, ముందు ఫోర్కు లోపల, మడ్‌గార్డ్ కింద, ఇలా అన్నిచోట్లా. ఎక్కడ అన్నిటికంటే ఇరుకుగా ఉందో అదే మీ పరిమితి. కొత్త టైరు వేశాక కూడా ఆ కీ అన్నిచోట్లా స్వేచ్ఛగా దూరాలి. చువ్వలు వదులై రిమ్ము రెండు మిల్లీమీటర్లు బెండు తిరిగినా టైరు ఫ్రేముకు రాసుకోకూడదు. వానాకాలంలో ఎర్రమట్టి అంటుకున్నా చక్రం పట్టేయకూడదు. అక్టోబరు, నవంబరు వానల్లో మన వైపు మట్టి వీధుల్లో తిరిగినవాళ్లకు ఈ ఆరు మిల్లీమీటర్ల విలువ తెలుస్తుంది.

వెడల్పు పెరిగితే ఎత్తు కూడా దాదాపు అంతే పెరుగుతుందని గుర్తుంచుకోండి. 28 టైరు తీసి 37 వేస్తే పక్కలకు చెరో నాలుగున్నర మిల్లీమీటర్లు, పైకి తొమ్మిది మిల్లీమీటర్లు కావాలి. చాలా సైకిళ్లలో పక్కల చోటున్నా మడ్‌గార్డ్ కింద ఉండదు. రేసు సైకిళ్ల మీద వచ్చే చిన్న క్యాలిపర్ బ్రేకులైతే 28 దగ్గరే ఆగిపోతాయి. వి-బ్రేకులూ డిస్కులూ ఉన్నవాటిలో ఆ బాధ తక్కువ.

నున్నని రోడ్డు, గతుకుల సందు: తేడా ఎక్కడుంది

మా తమ్ముడు మొన్న అడిగాడు: “అన్నా, సన్న టైరేస్తే స్పీడొస్తాదంట కదా, నిజమేనా?” వాడిది కొర్లగుంట దగ్గర ఇల్లు, రేణిగుంట రోడ్డు మీద పని. రోజూ రానూపోనూ సైకిలే. చాలామందికి ఉన్న అనుమానమే ఇది.

టైరు నేలకు ఆనే చోట కొంచెం చదునవుతుంది. చక్రం తిరుగుతున్నంతసేపూ టైరులో ప్రతి ముక్కా ఆ చోటికొచ్చి వంగి, మళ్లీ తేరుకుంటుంది. అలా వంగడంలో మీ తొక్కుడు బలం కొంత వేడిగా పోతుంది. ఒకే గాలి ఉంటే సన్న టైరుకూ వెడల్పు టైరుకూ నేలకు ఆనే వైశాల్యం దాదాపు సమానం. సన్నదానిలో ఆ మచ్చ పొడుగ్గా ఉంటుంది, వెడల్పుదానిలో పొట్టిగా అడ్డంగా ఉంటుంది. పొడుగు మచ్చకు గోడ ఎక్కువ వంగాలి. కాబట్టి ఒకే గాలి దగ్గర వెడల్పు టైరే కాస్త తేలిగ్గా దొర్లుతుంది. కానీ వెడల్పు టైరులో గాలి తక్కువే పెడతాం కాబట్టి ఆ లాభం చాలావరకు అక్కడికక్కడే సరిపోతుంది. గంటకు ఇరవై కిలోమీటర్ల దగ్గర తిరిగే ఆఫీసు ప్రయాణంలో నున్నని తారు మీద 28కీ 37కీ తేడా కాళ్లకు తెలిసేంత ఉండదు. టైరు రబ్బరు మందమా పల్చనా అన్నది అంతకంటే ఎక్కువ తేడా తెస్తుంది.

గతుకుల మీద లెక్క పూర్తిగా మారిపోతుంది. టైరు గట్టిగా ఉంటే ప్రతి గులకరాయికీ చక్రం, సైకిలు, మీరు అందరూ కలిసి పైకి లేవాలి. ముందుకు పోవాల్సిన బలం పైకి ఎగరడానికి ఖర్చవుతుంది. చేతులు తిమ్మిరెక్కడం, సీటు మీద ఎగిరెగిరి పడటం, ఇవన్నీ ఆ ఖర్చు తాలూకు గుర్తులే. టైరు మెత్తగా ఉంటే రాయిని తనలోకి తీసుకుని దాటేస్తుంది. కాకపోతే అలా తీసుకోవడానికి లోపల చోటుండాలి. 28 టైరులో రిమ్ము అంచుకూ నేలకూ మధ్య ఉన్నది దాదాపు 28 మిల్లీమీటర్లే. కాలవ బండ పదునైన అంచు తగిలితే అది ఇట్టే అయిపోయి, రిమ్ముకూ బండకూ మధ్య ట్యూబు నలుగుతుంది. 37లో ఆ చోటు మూడో వంతు ఎక్కువ.

కాబట్టి తమ్ముడికి నేను చెప్పిన సమాధానం: దారిలో సందు కిలోమీటరే అయినా, ట్యూబు పోయేది ఆ కిలోమీటర్లోనే. వెడల్పు ఆ కిలోమీటరును చూసి తీసుకో.

నా లెక్క ఇలా ఉంటుంది. ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు గేటు దాకా మంచి తారు అయితే 28 నుంచి 32. సగటు తిరుపతి ప్రయాణానికి, అంటే రెండు చివర్లా సందులు, మధ్యలో మెయిన్ రోడ్డు ఉంటే 35 నుంచి 40. ఊరి బయట కంకర దారులు, మట్టి బాటలు రోజూ ఉంటే 42 నుంచి 47, ఫ్రేములో పడితే. పట్టు కోసం పెద్ద ముడులున్న టైరు కొనకండి. ఆ ముడులు వదులు మట్టిలోనే పనికొస్తాయి. సిమెంటు మీదా తారు మీదా అవి అటూ ఇటూ వంగుతూ గుయ్యిమంటూ బలాన్ని తినేస్తాయి. సన్నని గాట్లున్న నున్నటి టైరు చాలు. డబ్బు పెట్టదలిస్తే ముడుల మీద కాకుండా పంక్చర్ పట్టీ ఉన్న టైరు మీద పెట్టండి. మన రోడ్ల అంచుల్లో పల్లేరు కాయలు ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది, సర్కారు తుమ్మ ముళ్లకూ కొదవలేదు. గాలి లెక్క ఎంత సరిగ్గా వేసినా ముల్లును ఆపలేదు. కాకపోతే పట్టీ ఉన్న టైరు కొంచెం బరువు, తొక్కడానికి కాస్త మందంగా ఉంటుంది. అది ఒప్పుకోవాల్సిన బేరమే.

గాలి లెక్క: తమ్ముడి సైకిల్ మీద

ఇక అంకెల్లోకి వద్దాం. తమ్ముడు 70 కిలోలు, సైకిల్ 14, లంచ్ బాక్సూ లాప్‌టాప్‌తో బ్యాగు 4. మొత్తం 88 కిలోలు. నిటారుగా కూర్చునే సైకిల్ మీద ఈ బరువులో ఉజ్జాయింపుగా అరవై శాతం వెనక చక్రం మీద, నలభై శాతం ముందు చక్రం మీద పడుతుంది. అంటే వెనక 53 కిలోలు, ముందు 35. ఈ రెండు చక్రాలకూ ఒకే గాలి పెట్టడానికి కారణమే లేదు. అయినా పంక్చర్ షాపులో రెండూ ఒకే లాగా రాయిలా కొట్టి పంపుతారు.

ఎంత గాలి ఉంటే సరి అన్నదానికి చాలాకాలంగా వాడుకలో ఉన్న గుర్తు ఒకటుంది: మీరు కూర్చున్నప్పుడు టైరు తన ఎత్తులో దాదాపు 15 శాతం నలగాలి. అంతకంటే తక్కువ నలిగితే గతుకు మీద ఎగురుతుంది. మరీ ఎక్కువ నలిగితే వంపుల్లో ఊగుతుంది, గుంతలో రిమ్ము తగులుతుంది. 53 కిలోల బరువుకు ఈ 15 శాతం రావాలంటే 28 టైరులో 85 పి.ఎస్.ఐ. దాకా కావాలి. 37 టైరులో 52 చాలు. 47 టైరులో 35 దగ్గర సరిపోతుంది. వెడల్పు పెరిగేకొద్దీ గాలి ఎంత వేగంగా తగ్గుతుందో చూడండి. వెడల్పు టైరులో 85 కొట్టడం అనవసరమే కాదు, ప్రమాదం కూడా. ఒకే గాలి దగ్గర టైరు గుడ్డ మీద పడే లాగుడు వెడల్పుతో పాటు పెరుగుతుంది, రిమ్ము గోడలను బయటికి నెట్టే బలం కూడా పెరుగుతుంది.

తమ్ముడి సైకిల్‌కు పడేది 37-622. టైరు మీద 40-75 అని ఉంది. వెనక 52తో మొదలుపెట్టాం. ముందు చక్రానికి లెక్క ప్రకారం ముప్పై మూడు, ముప్పై నాలుగు వస్తుంది. కానీ టైరు మీద కనిష్ఠం 40 ఉంది కాబట్టి 40 పెట్టాం. కనిష్ఠం కిందికి దిగకూడదు. టైరు అంచు రిమ్ములో గట్టిగా పట్టి ఉండటానికి, గోడలు పగుళ్లు తీయకుండా ఉండటానికి కంపెనీ పెట్టిన హద్దు అది. పైగా బ్రేకు కొట్టినప్పుడు బరువంతా ముందుకే వస్తుంది, కాబట్టి ముందు కాస్త ఎక్కువుండటం మంచిదే.

గేజీ మీద నమ్మకం లేకపోతే నలుగుడును నేరుగా కొలవండి. జామెట్రీ బాక్సులోని చిన్న స్కేలు చాలు. వెనక చక్రాన్ని నేల మీంచి కొంచెం లేపి, రిమ్ము అంచు నుంచి టైరు బయటి అంచు దాకా కొలవండి. తమ్ముడి దానికి 36 మిల్లీమీటర్లు వచ్చింది. అందులో 15 శాతం ఐదున్నర. ఇప్పుడు సైకిల్‌ను గోడ పక్కన పెట్టి, బ్యాగు తగిలించుకుని, కాళ్లు పెడల్స్ మీద పెట్టి, మోచేయి మాత్రమే గోడకు ఆనించి కూర్చోండి. ఇంకొకరు కిందికి వంగి రిమ్ము అంచు నుంచి నేలకు కొలవాలి. 30 నుంచి 31 రావాలి. 33 వస్తే గాలి ఎక్కువ, 28 వస్తే తక్కువ. గచ్చు సమంగా ఉన్నచోట చేయండి, మట్టి మీద స్కేలు దిగబడి లెక్క తప్పుతుంది.

గాలి ఎక్కడ, దేనితో

గేజీ ఉన్న నిలువు పంపు ఒకటి ఇంట్లో ఉండాలి, ఈ పని మొత్తం దాని మీదే ఆధారపడి ఉంది. చవక పంపుల గేజీ అసలు విలువకు కొంత అటూఇటూ చూపించవచ్చు. ఫరవాలేదు. మీకు నప్పిన గాలి దగ్గర మీ పంపు ఏ అంకె చూపిస్తుందో, రోజూ అదే అంకెకు కొట్టండి.

పంక్చర్ షాపు కంప్రెసర్ బైకు టైర్ల కోసం పెట్టింది. సైకిల్ ట్యూబులో గాలి పట్టే చోటు చాలా తక్కువ కాబట్టి రెండు మూడు సెకన్లలోనే హద్దు దాటిపోతుంది. అక్కడ గేజీ లేకుండా వేలితో నొక్కి చూసి సరే అంటారు. గట్టిదనం వేలికి తెలుస్తుందనుకోవడం పొరపాటు. మందమైన టైరు 40 దగ్గర కూడా గట్టిగానే తగులుతుంది. తప్పనిసరై కొట్టించుకుంటే కొద్దికొద్దిగా కొట్టమని చెప్పి, ఇంటికొచ్చి పంపు గేజీతో సరిచూసుకోండి. పెట్రోల్ బంకులోని మిషన్ అయితే కారు టైర్లకు సెట్ చేసి ఉంటుంది. అంకె మార్చమని అడక్కపోతే ముప్పై చిల్లర దగ్గర ఆగిపోతుంది.

వాల్వు సంగతి కూడా చూసుకోవాలి. బైకులకు ఉండే లావు వాల్వు అయితే ఎక్కడైనా కొట్టించుకోవచ్చు. రేసు రకం సన్న వాల్వు అయితే పైన చిన్న మర విప్పి కొట్టాలి, బంకులో అడాప్టర్ లేకుండా పట్టదు. పెద్ద సైకిల్‌కు ఉండే పాత రకం, లోపల వాల్‌ట్యూబ్ రబ్బరు తొడిగేది, గాలిని లోపలికి పోనిస్తుంది గానీ గేజీకి సరిగా కొలవనివ్వదు. అలాంటివాళ్లకు స్కేలు పద్ధతే దిక్కు. ట్యూబు కొనేటప్పుడు దాని మీద కూడా 700×35-43 అని ఒక పరిధి ఉంటుంది. మీ టైరు ఆ పరిధిలో ఉండాలి. సన్న టైరు ట్యూబును వెడల్పు టైరులో వేస్తే అది బెలూన్‌లా సాగి పల్చబడి, చిన్న ముల్లుకే పోతుంది.

వారానికి ఒకసారి గాలి చూడండి. మామూలు రబ్బరు ట్యూబు ఏ చిల్లీ లేకుండానే మెల్లగా గాలి వదులుతుంది. 28 టైరు వాడేవాళ్లు వారంలో రెండుసార్లు చూడాలి. లోపల చోటు తక్కువ కాబట్టి కొంచెం పోయినా అంకె ఎక్కువ పడిపోతుంది.

ఎండాకాలం గురించి ఒక మాట. పొద్దున చల్లగా 52 కొట్టిన టైరు మధ్యాహ్నం ఎండలో ఇరవై డిగ్రీలు వేడెక్కితే నాలుగైదు పి.ఎస్.ఐ. పెరుగుతుంది. గరిష్ఠం 75 ఉన్న టైరుకు అది లెక్కే కాదు. గరిష్ఠం దాకా కొట్టి ఎండలో నిలబెట్టినవాళ్లకే సమస్య. గాలి ఎప్పుడూ టైరు చల్లగా ఉన్నప్పుడే, పొద్దున్నే చూసుకోవాలి. ఎండలో నిలబెట్టిన సైకిల్ టైరును సాయంత్రం కొలిచి “ఎక్కువుంది” అని వదిలేస్తే మర్నాడు తక్కువవుతుంది.

దారి మీద సరిచూడటం

లెక్క వేసిన గాలి మొదటి అడుగు మాత్రమే. దాంతో మామూలు దారిలో, మామూలు వేగంతో వెళ్లండి. మార్చేటప్పుడు ఒక్కసారికి 3 పి.ఎస్.ఐ. మించి మార్చకండి, రెండు చక్రాలూ ఒకేసారి మార్చకండి. లేకపోతే తేడా దేనివల్ల వచ్చిందో తెలియదు.

గాలి ఎక్కువైందని మొదట చెప్పేది చేతులే. సిమెంటు రోడ్డు అతుకులు ఒక్కొక్కటీ టకటకమని లెక్కపెట్టినట్టు తగులుతాయి. సందు మలుపులో ఇసుక మీద ముందు చక్రం చప్పున జారుతుంది. తక్కువైందని చెప్పేది చెవి: కాలవ బండ ఎక్కేటప్పుడు వెనకనుంచి లోహం మోగిన ‘ఠంగ్’ శబ్దం వస్తే రిమ్ము తగిలినట్టు. ఒక్కసారి వినపడ్డా ఆ రోజే వెనక 3 పెంచండి. వేగంగా మలుపు తిరిగేటప్పుడు ముందు భాగం ఆలస్యంగా, మెత్తగా స్పందిస్తుంటే ముందు చక్రంలో తక్కువైనట్టు.

పంక్చర్ అయినప్పుడు ట్యూబు చిల్లిని చూడకుండా ప్యాచీ వేయించకండి. ఒక్కటే సన్నని రంధ్రం ఉంటే ముల్లు. టైరు లోపలివైపు వేలికి గుడ్డ చుట్టుకుని నెమ్మదిగా తడిమి ఆ ముల్లును తీసేయాలి. లేకపోతే అదే మళ్లీ గుచ్చుకుంటుంది. పక్కపక్కనే రెండు చిన్న గాట్లు, పాము కాటు గుర్తులా ఉంటే రిమ్ము అంచులు ట్యూబును నొక్కేశాయి. దానికి మందు గాలి పెంచడం, లేదా పైవెడల్పు టైరుకు మారడం. చిల్లి ట్యూబు లోపలివైపు, చువ్వల వైపు ఉంటే తప్పు టైరుదీ కాదు, గాలిదీ కాదు. రిమ్ములో చువ్వ తలల మీద వేసే పట్టీ జరిగి ఉంటుంది.

తమ్ముడి సైకిల్ ఇప్పుడు వెనక 55, ముందు 40 దగ్గర స్థిరపడింది. 52తో రెండు చోట్ల బండల మీద రిమ్ము తగిలినట్టు అనిపించింది, 55లో ఆ శబ్దం పోయింది. రేణిగుంట రోడ్డు మీద అతనికి తేడా తెలియలేదు. వాన పడ్డ రోజుల్లో వెనక 52కి దించుకుంటాడు, తడి సిమెంటు మీద పట్టు కోసం. బండల దగ్గర వేగం తగ్గించి దాటతాడు.

బరువు మారినప్పుడు

క్యారియర్ మీద 25 కిలోల బియ్యం మూట వేస్తే ఆ బరువు దాదాపు మొత్తం వెనక చక్రం మీదే పడుతుంది. 53 కాస్తా 78 అవుతుంది. 37 టైరులో దానికి సరైన నలుగుడు రావాలంటే 80 దాకా కావాలి. టైరు గరిష్ఠం 75. అంటే ఆ టైరు ఈ పనికి అంచున ఉంది. ఎప్పుడో ఒకసారి అయితే 70 దాకా కొట్టి, గుంతల దగ్గర దిగి నడిపించుకుంటూ రావచ్చు. కొన్ని టైర్ల మీద గరిష్ఠ బరువు కిలోల్లో కూడా ముద్రించి ఉంటుంది. ఉంటే అది దాటకండి. వారం వారం మూటలు మోసేవాళ్లు, వెనక పిల్లను కూర్చోబెట్టుకుని స్కూలుకు తీసుకెళ్లేవాళ్లు వెనకకు మాత్రమైనా 42 టైరు వేసుకోవాలి. అదే 78 కిలోలకు అందులో 65 చాలు. ముందు 37, వెనక 42 ఉంటే తప్పేమీ లేదు, రిమ్ము వ్యాసం రెండింటికీ 622 అయితే చాలు. మూట దించాక మాత్రం వెనక గాలి మళ్లీ 55కి తగ్గించుకోండి. 70తో అలాగే మర్నాడు సందులోకి వెళ్తే ఖాళీ క్యారియర్ గలగలలాడుతూ, వెనక చక్రం ప్రతి బండ మీదా ఎగురుతుంది.